ఇనుము సాంద్రత 35.4 వచ్చింది, ఎక్కడ తప్పాను?

గాజువాక_ఇంటర్ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇనుము అంతఃకేంద్రిత ఘనంగా ఏర్పడుతుందని, దాని యూనిట్ సెల్ అంచు పొడవు 286.65 పికోమీటర్లని చెప్పి, సాంద్రత కనుక్కోమని ఇంటికి ఒక లెక్క ఇచ్చారు. నేను ఘనం బొమ్మ గీసుకుని మూలల్లో ఎనిమిది చుక్కలు, నడుమ ఒక చుక్క పెట్టాను. మొత్తం తొమ్మిది పరమాణువులయ్యాయి. పరమాణు భారం 55.845 తీసుకుని, తొమ్మిది పరమాణువుల ద్రవ్యరాశిని ఘనం ఘనపరిమాణంతో భాగిస్తే ఘన సెంటీమీటరుకు 35.4 గ్రాములు వచ్చింది. పుస్తకం వెనుక 7.87 అని ఉంది.

మూల పరమాణువును ఎనిమిదో వంతుగా లెక్కించాలని మా స్నేహితురాలు చెప్పింది. అలా చేస్తే జవాబు సరిగ్గానే వస్తోంది. కానీ పరమాణువును ఎవరూ ఎనిమిది ముక్కలుగా కోయరు కదా? ఎందుకు కోయాలో తెలియకుండా ఎనిమిదో వంతు అని బట్టీ పట్టడం నాకు నచ్చడం లేదు. ఎవరైనా వివరించగలరా?

అగనంపూడి_మెటలర్జీ

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, లోహశాస్త్రం. చాలా సులువు చెల్లీ. ప్రతి మూల దగ్గరా ఎనిమిది ఘనాలు కలుస్తాయి కాబట్టి ఒక్కో ఘనానికి ఎనిమిదో వంతు దక్కుతుంది. ముఖం మీద ఉన్న దానిని రెండు ఘనాలు పంచుకుంటాయి, కాబట్టి సగం. నడుమ ఉన్నది పూర్తిగా మనదే. అందుకే సరళ ఘనంలో ఒకటి, అంతఃకేంద్రితంలో రెండు, ముఖకేంద్రితంలో నాలుగు. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు.

ఒక కిటుకు కూడా చెబుతాను. ఇనుమును బాగా వేడి చేస్తే అది ముఖకేంద్రితంగా మారుతుంది. అప్పుడు సెల్‌లో రెండుకు బదులు నాలుగు పరమాణువులు ఉంటాయి కాబట్టి సాంద్రత రెట్టింపు అవుతుంది. అంచు పొడవు ఇవ్వకుండా పరమాణు వ్యాసార్ధం మాత్రమే ఇస్తే అంచు అంటే రెండు వ్యాసార్ధాలు, అది వేసుకుంటే సరిపోతుంది.

సీతమ్మధార_మాస్టారు

అగనంపూడి బాబూ, మొదటి పేరాలో చెప్పినది సరిగ్గానే ఉంది. రెండో పేరాలో రెండు తప్పులున్నాయి, వాటి దగ్గరికి తరువాత వస్తాను. ముందు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆమె అడిగింది ఎనిమిదో వంతు ఎంత అని కాదు, ఎందుకు కోయాలి అని. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన తరువాత నాకు తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్న అడిగే పిల్లలు తరగతికి ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లకు కూడా మేము మళ్లీ ఎనిమిదో వంతు బొమ్మే గీసి చూపిస్తాం.

అమ్మా, కోయనక్కర లేదు. నీ ఘనాన్ని ఒక గాజు పెట్టె అనుకో. దాని మూలలు సరిగ్గా పరమాణువుల కేంద్రాల మీద ఉండడం వల్లనే ఈ గందరగోళమంతా వచ్చింది. ఇప్పుడు పరమాణువులను కదపకుండా ఆ పెట్టెను మాత్రం కుడికి కొంచెం, వెనక్కి కొంచెం, పైకి కొంచెం జరుపు. అంచులో నూరో వంతు జరిపినా చాలు. జరిపాక ఒక్కో చుక్క లోపల ఉందా, బయట ఉందా అని చూడు. ముందువైపు, ఎడమవైపు, కింద ఉన్న ముఖాలు లోపలికి జరిగాయి కాబట్టి ఆ ముఖాల మీది చుక్కలన్నీ బయట పడతాయి. ఎనిమిది మూలల్లో ఏడు ఆ మూడు ముఖాలలో ఏదో ఒకదాని మీద ఉన్నవే. మిగిలేది ఒక్కటే, కుడివైపు వెనుక పైమూలలో ఉన్నది. అది పూర్తిగా లోపలికి వస్తుంది. నడుమ చుక్క ఎలాగూ లోపలే ఉంది. కాబట్టి అంతఃకేంద్రిత ఘనంలో రెండు పరమాణువులు, ఒక్కదానినీ కోయలేదు.

ముఖకేంద్రితానికి ఇదే పద్ధతిలో నువ్వే లెక్కించి ఇక్కడ రాయి.

గాజువాక_ఇంటర్

మాస్టారూ, ప్రయత్నించాను. మూలల్లో ఎనిమిది, ముఖాల నడుమ ఆరు, మొత్తం పద్నాలుగు చుక్కలు. పెట్టెను జరిపితే మూలల్లో ఏడు పోయి ఒకటి మిగిలింది. ముఖాలలో ఎడమది, ముందుది, కిందది బయటికి పోయాయి. కుడిది, వెనుకది, పైది లోపలికి వచ్చాయి. ఒకటీ మూడూ కలిసి నాలుగు. సరళ ఘనంలో నడుమ ఏమీ లేదు కాబట్టి మూలది ఒక్కటే.

ఇలా లెక్కిస్తే నాకు అర్థమైంది. అయితే ఒక అనుమానం. పెట్టెను ఎంత జరిపినా లెక్క మారదా? సగం జరిపితే?

సీతమ్మధార_మాస్టారు

మారదమ్మా. ఒక వైపు నుంచి ఒక పరమాణువు బయటికి పోయిన క్షణంలోనే ఎదుటి వైపు నుంచి దాని జత లోపలికి వస్తుంది, ఎందుకంటే అమరిక అంచు పొడవుకు ఒకసారి పునరావృతమవుతుంది. ఎనిమిదో వంతు సూత్రం వెనుక ఉన్న అసలు సంగతి ఇదే. ఘనం కాకుండా ఒరిగిన సెల్ తీసుకుంటే మూలల్లోని ముక్కలు సమానంగా ఉండవు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. అప్పుడు ఒక్కో ముక్కను ఎనిమిదో వంతు అనడం తప్పు, కానీ ఎనిమిది ముక్కలూ కలిపితే ఒకటే అవుతుంది. పెట్టె జరిపే పద్ధతి అక్కడ కూడా పనిచేస్తుంది.

కంచరపాలెం_సైట్

నేను భవన నిర్మాణంలో సైట్ సూపర్‌వైజర్‌ని. ఇనుము సాంద్రత అని చూసి వచ్చాను. మాకు ఈ ఘనాలేమీ అక్కరలేదండీ. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ అయితే 144ను 162తో భాగిస్తే మీటరుకు 0.889 కిలోలు. మొన్న దుకాణం నుంచి వచ్చిన లోడులో ఒక మీటరు ముక్క కోయించి తూకం వేస్తే 0.86 మాత్రమే వచ్చింది. అంటే ఈ కడ్డీలో పరమాణువులు తక్కువగా ఉన్నట్టా? మీరు చెప్పే లెక్కతో దుకాణదారుణ్ణి నిలదీయవచ్చా?

సీతమ్మధార_మాస్టారు

సూపర్‌వైజర్ గారూ, మీరు అడిగింది వేరే ప్రశ్న, అయినా దీనికి ఒక దారి ఉంది. మీ 162 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కడ్డీ అడ్డకోత వైశాల్యం వ్యాసం వర్గానికి π/4 రెట్లు. దానిని ఒక మీటరు పొడవుతో, ఉక్కు సాంద్రత ఘన మీటరుకు 7850 కిలోలతో గుణించి, మిల్లీమీటర్లను మీటర్లలోకి మారిస్తే వ్యాసం వర్గానికి 0.006165 రెట్లు వస్తుంది. దాన్ని తిరగేస్తే 162. అంటే మీరు రోజూ సైట్లో చేసే భాగహారంలోనే ఆ అమ్మాయి లెక్క దాగి ఉంది.

మీ ముక్క 3 శాతం తేలికగా ఉండడానికి కారణం పరమాణువులు కాదు, రోలింగ్. కడ్డీ వ్యాసం ఒకటిన్నర శాతం తగ్గితే బరువు 3 శాతం తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీకి ప్రమాణాల్లో బరువు మీద 5 శాతం వరకు తేడాను అనుమతిస్తారు. కాబట్టి ఆ ఒక్క ముక్కతో ఎవరినీ నిలదీయలేరు.

కంచరపాలెం_సైట్

సరేనండీ. అయితే మీ అమ్మాయి పుస్తకంలో 7.87 ఉంది, మా లెక్కలో 7.85 ఉంది. ఈ తేడా ఎవరి తప్పు?

ఎంవీపీ_ఎక్స్‌రే

ఈ ప్రశ్న నిజంగా బాగుంది. నేను పరిశోధనశాలలో లోహపు పొడులను ఎక్స్‌కిరణాలతో పరీక్షించే పని చేస్తాను. రోజూ చూసేది ఈ అంచు పొడవులే. ముందు ఇనుము లెక్కను పూర్తిగా వేసి చూద్దాం.

అంచు 286.65 పికోమీటర్లు అంటే 2.8665 × 10⁻⁸ సెంటీమీటర్లు. దాని ఘనం 23.55 × 10⁻²⁴ ఘన సెంటీమీటర్లు. సెల్‌లో రెండు పరమాణువులు కాబట్టి, ఒక మోల్ సెల్స్ బరువు 2 × 55.845 = 111.69 గ్రాములు. ఒక మోల్ సెల్స్ ఆక్రమించే చోటు 6.022 × 10²³ను 23.55 × 10⁻²⁴తో గుణిస్తే 14.18 ఘన సెంటీమీటర్లు. 111.69ను 14.18తో భాగిస్తే 7.87. గుర్తుంచుకోవలసినది ఈ ఒక్క వరుసే:

```
ρ = Z × M / (N × a³)
```

ఇందులో Z అంటే మీరు పెట్టెను జరిపి లెక్కించిన సంఖ్య. మా పనిలో దీనిని తలకిందులుగా వాడతాం. అమరిక తెలియని లోహపు నమూనా వస్తే ఎక్స్‌కిరణాలు a ఇస్తాయి, తూకంతో ρ తెలుస్తుంది, అప్పుడు Z కనుక్కుంటాం. ఇనుముకు అలా చేస్తే 2.00 వస్తుంది. 2.3 అనో 1.7 అనో వస్తే లోహం గురించి ఆలోచించే ముందు నా కొలతలో ఎక్కడో తప్పుందని అనుకుంటాను, ఎందుకంటే Z పూర్ణసంఖ్యే కావాలి. ఆల్బర్ట్ హల్ 1917లో ఇనుము పొడి మీద ఎక్స్‌కిరణాలు పంపి అది అంతఃకేంద్రితమని తేల్చాడు.

ఇక 7.85 సంగతి. 7.87 శుద్ధమైన ఇనుముది. కడ్డీలో ఉన్నది ఉక్కు. అందులోని కర్బనంలో చాలా భాగం ఇనుముతో కలిసి సిమెంటైట్‌గా ఉంటుంది, దాని సాంద్రత సుమారు 7.7. కర్బనం 0.25 శాతం ఉన్న ఉక్కులో సిమెంటైట్ సుమారు 3.7 శాతం ఉంటుంది కాబట్టి ఘన మీటరుకు దాదాపు 7 కిలోలు మాత్రమే తగ్గుతుంది. మిగిలిన పదిహేడు కిలోల తేడాలో కొంత సిలికాన్ లాంటి ఇతర మూలకాలది, కొంత గుండ్రని సంఖ్య వేసుకోవడంది అయి ఉండవచ్చు. ఏది ఎంత అనేది మీ కడ్డీ రసాయన విశ్లేషణ చూడకుండా చెప్పలేను.

అగనంపూడి_మెటలర్జీ

నా రెండో పేరాలో తప్పులున్నాయని మాస్టారు అన్నారు గాని చెప్పలేదు. ముఖకేంద్రితంలో నాలుగు పరమాణువులు, అంతఃకేంద్రితంలో రెండు. సూత్రంలో Z పైన ఉంది. Z రెట్టింపైతే సాంద్రత రెట్టింపు కావాలి కదా?

సీతమ్మధార_మాస్టారు

పైన Z మాత్రమే చూశావు బాబూ, కింద a³ను వదిలేశావు. సెల్ మారితే అంచు కూడా మారుతుంది. ఎంత మారుతుందో తెలియాలంటే పరమాణువులు ఏ దారిలో ఒకదానినొకటి తాకుతున్నాయో చూడాలి, నీ రెండో తప్పు కూడా అక్కడే ఉంది.

పూర్ణా మార్కెట్‌లో బత్తాయిలు పేర్చడం చూశావా? అడుగున చదరంగా, ఒకదానికొకటి ఆనుకునేలా పరిచి, పై వరుస పండ్లను కింది నాలుగు పండ్ల మధ్య గుంటలో పెడతారు. అలా పేర్చిన కుప్ప ముఖకేంద్రిత అమరికే, దాన్ని ముఖం వైపు నుంచి చూస్తున్నాం. అందులో పండ్లు ముఖం కర్ణం వెంట తాకుతాయి. కర్ణంలో నాలుగు వ్యాసార్ధాలు పడతాయి, కాబట్టి అంచు వ్యాసార్ధానికి 2.83 రెట్లు. ఒక పండు మీద నిటారుగా ఇంకొక పండు పెట్టి కుప్ప వేస్తే అది సరళ ఘనం. ఆ కుప్ప నిలబడదు, ఏ బండివాడూ అలా పేర్చడు. అందులో మాత్రమే అంచు రెండు వ్యాసార్ధాలు.

అంతఃకేంద్రితం వేరు. అడుగు వరుస పండ్లను ఒకదానికొకటి తగలకుండా, వ్యాసంలో 15 శాతం ఎడం వదిలి పరవాలి. అప్పుడు నడుమ పండు ఇంకొంచెం లోతుగా దిగి, కింది నాలుగింటినీ పై నాలుగింటినీ తాకుతుంది. మూల పండ్లు పక్కపక్కన తాకవు. తాకేది ఘనం గుండా మూల నుంచి ఎదుటి మూలకు వెళ్లే కర్ణం వెంట మాత్రమే. ఆ కర్ణం అంచుకు √3 రెట్లు, దానిలో నాలుగు వ్యాసార్ధాలు. ఇనుముకు 124 పికోమీటర్లు వేస్తే అంచు 286 వస్తుంది. నువ్వు చెప్పినట్టు రెండు వ్యాసార్ధాలు వేస్తే 248 వస్తుంది, సాంద్రత 12 దాటిపోతుంది.

ఇప్పుడు ఒక్కో పరమాణువుకు దక్కే చోటు చూడు. సరళ ఘనంలో వ్యాసార్ధం ఘనానికి 8 రెట్లు, అంతఃకేంద్రితంలో 6.16 రెట్లు, ముఖకేంద్రితంలో 5.66 రెట్లు. అంటే పరమాణువు పరిమాణం మారకపోతే అంతఃకేంద్రితం నుంచి ముఖకేంద్రితానికి మారినప్పుడు చోటు 8 శాతం తగ్గుతుంది. రెట్టింపు మాట దానితో ముగిసింది.

అగనంపూడి_మెటలర్జీ

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. సెల్ పెద్దదవుతుందనే ఆలోచనే రాలేదు. అయితే ఇనుమును వేడి చేసినప్పుడు ఒక్కో పరమాణువుకు దక్కే చోటు 8 శాతం తగ్గుతుందని ఇప్పుడు ధైర్యంగా రాయవచ్చా?

ఎంవీపీ_ఎక్స్‌రే

రాయకండి. మాస్టారు "పరిమాణం మారకపోతే" అన్నారు, కానీ అది మారుతుంది. ఈ మార్పు 912 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుంది. ఆ వేడిలో అంతఃకేంద్రిత ఇనుము అంచు సుమారు 290.4 పికోమీటర్లు, ముఖకేంద్రిత ఇనుము అంచు సుమారు 364.6. మొదటిదాని ఘనాన్ని రెండుతోనూ, రెండోదాని ఘనాన్ని నాలుగుతోనూ భాగించి చూడండి. ఒక్కో పరమాణువుకు మొదటిదానిలో 12.24 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండోదానిలో 12.12. తగ్గింది ఒక శాతమే, ఎనిమిది కాదు.

కారణం ఏమిటంటే అంతఃకేంద్రితంలో ప్రతి పరమాణువుకూ ఎనిమిది మంది దగ్గరి పొరుగువారు, ముఖకేంద్రితంలో పన్నెండు మంది. పొరుగువారు ఎక్కువైతే ఒక్కొక్కరితో బంధం కాస్త వదులవుతుంది, దూరం పెరుగుతుంది. పై అంచుల నుంచే వ్యాసార్ధం లెక్కిస్తే మొదటిదానిలో 125.7, రెండోదానిలో 128.9 పికోమీటర్లు వస్తుంది. పరమాణువు గట్టి గోళీ కాదు. పట్టికలో ఉన్న వ్యాసార్ధాన్ని ఏ అమరికకైనా వాడవచ్చని అనుకుంటే ఈ 8 శాతం లాంటి జవాబులు వస్తాయి. పరీక్షలో ఒకే వ్యాసార్ధం ఇస్తే అది వేసుకోవాల్సిందే, అయితే అది ప్రశ్నపత్రంలోని ఇనుము మాత్రమే.

(పైన అంచులను ఆంగ్‌స్ట్రామ్‌లలో రెండు దశాంశ స్థానాలకే 2.90, 3.65 అని వేసుకోకండి. ఒక శాతం తేడా ఆ గుండ్రం చేయడంలోనే కరిగిపోతుంది. నేను ఒకసారి చేసి నవ్వులపాలయ్యాను.)

సీతమ్మధార_మాస్టారు

ఆవిడ చెప్పింది నిజం, నా మాటకు ఇది అవసరమైన సవరణే. ఆ ఒక్క శాతాన్ని కళ్లతో చూడవచ్చు. చూసినవాళ్లు మరచిపోరు. నేను పనిచేసిన కళాశాలలో చీకటి గదిలో మీటరు పొడవు సన్నని ఇనుప తీగను రెండు స్టాండ్‌ల మధ్య కట్టి, నడుమ చిన్న బరువు వేలాడదీసి, విద్యుత్తు పంపి ఎర్రగా కాల్చేవాళ్లం. వేడికి తీగ సాగి నడుమ కిందికి దిగుతుంది. విద్యుత్తు ఆపితే చల్లారుతూ మెల్లగా పైకి లేస్తుంది. లేస్తూ లేస్తూ ఉన్నట్టుండి ఆగి, తిరిగి కిందికి జారుతుంది, ఆ క్షణంలో తీగ ఒకసారి ప్రకాశవంతంగా మెరుస్తుంది, ఆ తరువాత మళ్లీ లేస్తుంది. ఆ జారడమే ముఖకేంద్రితం అంతఃకేంద్రితంగా మారడం. విలియం బారెట్ 1870లలో ఈ మెరుపును గమనించాడు.

ఘనపరిమాణంలో ఒక శాతం అంటే పొడవులో మూడో వంతు శాతం, మీటరు తీగకు 3.5 మిల్లీమీటర్లు. అది చిన్నదే కానీ అప్పటికే వంగి వేలాడుతున్న తీగ నడుమ భాగంలో దాదాపు ఒక సెంటీమీటరు జారుడుగా కనిపిస్తుంది. తీగలో కర్బనం ఎక్కువగా ఉంటే మార్పు 912 దగ్గర కాకుండా ఇంకా కింద జరుగుతుంది, అది గుర్తుంచుకోవాలి.

గాజువాక_ఇంటర్

ఇప్పుడు రాగి లెక్క స్వయంగా చేశాను. అంచు 361.5, ముఖకేంద్రితం, పరమాణు భారం 63.55. మొదటిసారి జవాబు 8.94 × 10⁻²⁰ వచ్చింది! పికోమీటరును సెంటీమీటరుగా మార్చేటప్పుడు 10⁻¹⁰ను ఘనం చేయకుండా ఒక్కసారే వేశాను. సరిచేస్తే 8.94.

ఆ తరువాత అల్యూమినియం చేశాను. అది కూడా ముఖకేంద్రితమే, అంచు 405. సెల్ అంచు 12 శాతమే ఎక్కువ, అయినా సాంద్రత 2.70 మాత్రమే. మా ఇంట్లో రాగి బిందె, అల్యూమినియం గిన్నె పక్కపక్కనే ఉంటాయి. తేడా అమరికలో ఉందనుకున్నాను. Z రెండింటిలోనూ నాలుగే కాబట్టి తేడా ప్రధానంగా పరమాణు భారంలో ఉంది.

ఎంవీపీ_ఎక్స్‌రే

భేష్. నీ తప్పుల వల్ల ఒక మంచి విషయం బయటపడింది. తప్పు జవాబును సరైన జవాబుతో భాగించి చూస్తే తప్పు ఎక్కడుందో తరచుగా తెలిసిపోతుంది. నీ మొదటి 35.4ను 7.87తో భాగిస్తే సరిగ్గా 4.5 వస్తుంది, అంటే రెండుకు బదులు తొమ్మిది లెక్కించావని అర్థం. ముఖకేంద్రితంలో పద్నాలుగు లెక్కించినవాళ్లకు 3.5 వస్తుంది, సరళ ఘనంలో ఎనిమిది. అంకెలు సరిగ్గా ఉండి పది ఘాతం మాత్రం పిచ్చిగా ఉంటే అది ప్రమాణాల తప్పు. అంతఃకేంద్రితంలో 1.54 రెట్లు వస్తే అగనంపూడి బాబులా అంచును రెండు వ్యాసార్ధాలు అనుకున్నారు. ముఖకేంద్రితంలో అదే తప్పు చేస్తే 2.83 రెట్లు. జవాబు పక్కనే ఉన్నప్పుడు ఈ భాగహారం అర నిమిషం పని. జవాబు లేకపోతే లోహాలలో అత్యంత సాంద్రమైన ఆస్మియం 22.6 అని గుర్తుంటే చాలు, 35 అని రాసిన వెంటనే చేయి ఆగుతుంది.

గాజువాక_ఇంటర్

ధన్యవాదాలు అక్కా. ఇంకొక ప్రశ్న. సరళ ఘనంగా ఉండే లోహం ఒకటైనా ఉందా, లేక అది పుస్తకం కోసం కల్పించిందా?

సీతమ్మధార_మాస్టారు

ఉంది, పొలోనియం. సాధారణ పీడనం, గది ఉష్ణోగ్రత దగ్గర మూలకాలలో సరళ ఘనంగా నిలిచేది అదొక్కటే అని చెబుతారు. అంచు 335.9 పికోమీటర్లు, పరమాణు భారం 209, Z ఒకటి. లెక్క వేసి చూడు, 9.2 దగ్గర వస్తుంది. బత్తాయి మీద బత్తాయి నిటారుగా పెట్టిన కుప్పలా ఇది ఎలా నిలిచిందనేది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. భారమైన పరమాణువులలో ఎలక్ట్రాన్లు కాంతి వేగంతో పోల్చదగినంత వేగంగా కదలడం వల్ల కలిగే ప్రభావాలు కారణమని అంటారు. ఆ గణితం నా స్థాయికి మించినది.

కంచరపాలెం_సైట్

మాస్టారూ, మళ్లీ అదే లోడు నుంచి ఈసారి పది ముక్కలు కోయించి మొత్తం తూకం వేశాను. పది మీటర్లకు 8.71 కిలోలు. అంటే మీటరుకు 0.871, రెండు శాతం తక్కువ. దుకాణదారుతో గొడవ పెట్టుకోలేదు. మీరు చెప్పిన 162 పుట్టుక మాత్రం మా కుర్రాళ్లకు చెప్పాను, ఒకడు నమ్మలేదు.

అగనంపూడి_మెటలర్జీ

నాకొక ప్రశ్న మిగిలింది. ముఖకేంద్రితం ఎక్కువ ఇరుకుగా, నిండుగా ఉంటుంది. అలాంటప్పుడు ఇనుము గది ఉష్ణోగ్రత దగ్గర కాస్త ఖాళీగా ఉండే అంతఃకేంద్రితాన్ని ఎందుకు ఎంచుకుంటుంది? ఇనుము అయస్కాంతత్వం కారణమని తరగతిలో చెప్పారు.

ఎంవీపీ_ఎక్స్‌రే

అదే ప్రధాన కారణమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంతఃకేంద్రిత అమరికలో ఇనుము పరమాణువుల అయస్కాంత భ్రమణాలు ఒకే దిశలో వరుసకట్టడం వల్ల శక్తి తగ్గుతుంది.

గాజువాక_ఇంటర్

కానీ అక్కా, ఇనుము 770 డిగ్రీల దగ్గరే అయస్కాంతత్వం కోల్పోతుందని మా భౌతికశాస్త్రం పుస్తకంలో ఉంది. అమరిక మారేది మాత్రం 912 దగ్గర. ఈ రెండింటి మధ్య దాదాపు 140 డిగ్రీల పాటు అయస్కాంతత్వం లేకుండా అది అంతఃకేంద్రితంగానే ఎందుకు ఉంటోంది?

సీతమ్మధార_మాస్టారు

చూశారా, తొమ్మిది చుక్కలతో మొదలుపెట్టిన అమ్మాయి ఎక్కడికి వచ్చిందో. నా అభిప్రాయంలో ఆ మధ్య భాగంలో ఉష్ణ కంపనాల పాత్రే ఎక్కువ.

ఎంవీపీ_ఎక్స్‌రే

నేను అంతగా ఒప్పుకోలేను మాస్టారూ. 770 దాటాక దూరదూరంగా ఉన్న పరమాణువుల మధ్య వరుస పోతుంది గానీ, ఒక్కో పరమాణువుకూ తనదైన అయస్కాంత భ్రామకం ఉంటూనే ఉంటుంది, దగ్గరి పొరుగువారి మధ్య కొంత అనుబంధం కూడా మిగులుతుంది. నేను ఆ మిగులుకే ఎక్కువ బరువు ఇస్తాను. కంపనాలు, ఈ మిగులు కలిసి పనిచేస్తాయని అంటే కాదనను గాని, ఏది ఎంత అనేది ఇప్పుడు మన ముందున్న అంచు పొడవుల లెక్కతో తేలే విషయం కాదు. మీ దగ్గర ఆ తీగ ప్రయోగపు పాత నోటు పుస్తకం ఉంటే, తీగ జారిన ఉష్ణోగ్రతలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.